లేని బరువు చెప్పే లెక్క

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1974లో తెరిచిన రోడ్డు కమ్ రైలు వంతెనకు రెండు అంతస్తులు. పైన బస్సులూ లారీలూ నడుస్తాయి, కింద ఉక్కు త్రికోణాల మధ్య నుంచి రైళ్లు వెళ్తాయి. నది మీద పెద్ద స్పాన్ల పొడవు ఒక్కొక్కటి 91.5 మీటర్లు. బొగ్గు నింపుకున్న గూడ్సు బండి ఒకటి అలాంటి స్పాన్ మీదికి రాగానే దాని నడిమి భాగం కొద్దిగా కిందికి దిగుతుంది. బండి దాటిపోగానే మళ్లీ యథాస్థానానికి లేస్తుంది. కిటికీ పక్కన కూర్చుని నీళ్లలోకి నాణెం విసిరే ప్రయాణికుడికి ఈ సంగతి తెలియనే తెలియదు.

తెలియాల్సింది వంతెన గీసిన ఇంజనీరుకు, అదీ ఉక్కు కొనకముందే. మన రైల్వే ఉక్కు వంతెనల నియమావళి ప్రకారం ఆ దిగుడు స్పాన్ పొడవులో 600వ వంతు దాటకూడదు. 91.5 మీటర్లకు ఆ గీత దాదాపు 15 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. అసలు దిగుడు అందులో ఎంత ఉంటుందో కాగితం మీదే తేల్చాలి.

మామూలు దూలమైతే ఒక్క వస్తువు, అది వంగుతుంది. ట్రస్సు అలా కాదు. అది కడ్డీలను త్రికోణాలుగా కూర్చి, కొసలను జాయింట్ల దగ్గర కలిపిన చట్రం. ఇందులో ఏ కడ్డీ కూడా, లెక్క వరకు, వంగదు. ప్రతి కడ్డీకీ రెండే పనులు తెలుసు: లాగితే సాగడం, నొక్కితే కురచ కావడం. అంటే నడిమి జాయింటు ఒక సెంటీమీటరు దిగిందంటే, ఆ సెంటీమీటరు ఎక్కడెక్కడో ఉన్న కడ్డీల చిన్న చిన్న సాగుళ్ల నుంచీ కురచదనాల నుంచీ పోగుపడిందన్నమాట. ఎడమ చివర ఉన్న ఏటవాలు కడ్డీ ఒక మిల్లీమీటరు కురచైతే, ఐదారు మీటర్ల అవతల ఉన్న జాయింటు ఎంత దిగుతుంది? త్రికోణాలన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి కదులుతాయి కాబట్టి దీన్ని జామెట్రీతో తేల్చబోతే చిక్కుముడిలో పడతాం.

ఈ ముడిని విప్పే ఉపాయం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఏ జాయింటు ఎంత దిగుతుందో తెలియాలో అక్కడ అసలు లేని బరువొకటి వేలాడదీయాలి. దాని విలువ సరిగ్గా ఒకటి. దీన్నే యూనిట్ లోడ్ పద్ధతి అంటారు. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు స్ట్రక్చరల్ అనాలిసిస్ పేపరులో ఈ పట్టికను నింపీ నింపీ విసుగెత్తిపోతారు. పట్టిక నింపడం వచ్చినంతగా, అందులో ఒక్కో నిలువు వరుస ఏం చెబుతోందో చూడటం చాలామందికి అలవాటు కాదు. ఆసక్తి ఉన్నదంతా అక్కడే.

ఒక రైస్ మిల్లు షెడ్డు అనుకుందాం. 12 మీటర్ల దూరంలో రెండు స్తంభాలు, వాటి మీద ఒక ఉక్కు ట్రస్సు. అడుగున మూడు జాయింట్లు: ఎడమ స్తంభం మీద క, సరిగ్గా మధ్యలో చ, కుడి స్తంభం మీద ట. వాటికి 4 మీటర్ల ఎత్తున రెండు జాయింట్లు: ఎడమ సగం మీద త, కుడి సగం మీద ప. క నుంచి చ దాకా, చ నుంచి ట దాకా, పైన త నుంచి ప దాకా ఉన్న అడ్డ కడ్డీలు 6 మీటర్ల చొప్పున మూడు. వాటిని కలిపే ఏటవాలు కడ్డీలు 5 మీటర్ల చొప్పున నాలుగు: క-త, త-చ, చ-ప, ప-ట. మొత్తం ఏడు. గీసి చూస్తే ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం తలకిందులైనట్టు ఉంటుంది, పైనా కిందా గీతలతో. ఎడమ ఆధారం కదలదు. కుడి ఆధారం రోలర్ మీద ఉంది, పక్కకు జరగగలదు. కడ్డీలన్నీ ఒకే రకం పైపులు, కోత వైశాల్యం 2,000 చదరపు మిల్లీమీటర్లు.

త జాయింటు మీద ధాన్యం బిన్ను ఒకటి కూర్చుంది. నిండితే 8 టన్నులు, అంటే సుమారు 80 కిలోన్యూటన్ల బలం. మిల్లు యజమాని చింత మాత్రం త గురించి కాదు. చ దగ్గర ఒక కన్వేయర్ చివర వేలాడుతోంది, అది కిందికి జారితే బెల్టు పక్కకు పోతుంది. బిన్ను నిండినప్పుడు చ ఎంత దిగుతుంది? చ మీద బరువేమీ లేదని గమనించాలి. బరువు ఒకచోట, ప్రశ్న ఇంకోచోట.

మొదటి పని అసలు బరువుతో. బిన్ను ఎడమ ఆధారానికి 3 మీటర్లు, కుడి ఆధారానికి 9 మీటర్ల దూరంలో ఉంది. కాబట్టి ఎడమ స్తంభం 60, కుడి స్తంభం 20 మోస్తాయి. ఇక ఒక్కో జాయింటు దగ్గర ఆగి, పైకీ కిందికీ, ఎడమకూ కుడికీ బలాలు సరిపోవాలన్న ఒక్క నియమంతో నడుచుకుంటూ పోవడమే. క దగ్గర స్తంభం 60తో పైకి తోస్తోంది, దాన్ని ఆపగలిగింది ఏటవాలు కడ్డీ ఒక్కటే. ఆ కడ్డీ 5 మీటర్ల పొడవులో 4 మీటర్లు పైకి లేస్తుంది కాబట్టి అందులో నొక్కుడు 60కి ఐదు నాలుగో వంతులు, అంటే 75. ఆ 75 పక్కకు 45తో తన్నుతుంది, దాన్ని పట్టి లాగి ఉంచేది అడుగు కడ్డీ క-చ. ఇలాగే ముందుకు పోతే త-చలో నొక్కుడు 25, చ-పలో లాగుడు 25, ప-టలో నొక్కుడు 25, పై కడ్డీ త-పలో నొక్కుడు 30, చ-టలో లాగుడు 15 వస్తాయి.

బలం తెలిస్తే పొడవులో మార్పు తేలికే. బలాన్ని పొడవుతో గుణించి, వైశాల్యంతోనూ ఉక్కు బిరుసుతనంతోనూ భాగిస్తే సరి. ఉక్కు బిరుసుతనం చదరపు మిల్లీమీటరుకు 200 కిలోన్యూటన్లు. మన పైపుకు వైశాల్యం, బిరుసుతనం కలిసి 4,00,000 కిలోన్యూటన్లవుతాయి. అంతా కలిపి ఎక్కువగా నలిగేది క-త, అదీ 0.94 మిల్లీమీటరే. మిగతావన్నీ అంతకంటే తక్కువ.

ఇప్పుడు లేని బరువు వంతు. బిన్నును పూర్తిగా తీసేసి, ఖాళీ ట్రస్సు మీద చ దగ్గర 1 అనే బరువును వేలాడదీయాలి. ఇది నడిమధ్య ఉంది కాబట్టి చెరో స్తంభం 0.5 మోస్తుంది. మళ్లీ అదే నడక: చివరి ఏటవాలు కడ్డీలు రెండింటిలో నొక్కుడు 0.625, అడుగు కడ్డీల్లో లాగుడు 0.375, చ నుంచి పైకి పోయే రెండు ఏటవాలు కడ్డీల్లో లాగుడు 0.625, పై కడ్డీలో నొక్కుడు 0.75.

ఈ రెండో జాబితాను మరో బరువుకు వచ్చిన బలాలుగా మాత్రమే చదివితే ఉపాయం చేజారుతుంది. అవి నిజానికి పలుకుబళ్లు. ఊళ్లో ఏదైనా తీర్మానం జరిగేటప్పుడు ఒకరి మాటకు ఎక్కువ, ఇంకొకరి మాటకు తక్కువ బరువు ఉన్నట్టే, చ జాయింటు దిగే విషయంలో ఒక్కో కడ్డీకి ఒక్కో పలుకుబడి ఉంది. పై కడ్డీ త-ప పలుకుబడి 0.75. అంటే అది 1 మిల్లీమీటరు కురచైతే, మిగతా కడ్డీలేవీ మారకపోతే, చ సరిగ్గా 0.75 మిల్లీమీటరు దిగుతుంది. జామెట్రీతో తేల్చబోయి చిక్కుపడిన ప్రశ్నకు ఒక్క కూడిక, తీసివేతల లెక్కతో జవాబు దొరికింది.

ఎందుకు దొరికిందన్నదానికి కారణం శక్తి లెక్కలో ఉంది. ఆ ఒకటి అనే బరువు ముందే వేలాడుతోందనుకుందాం. తరువాత బిన్నును నింపారు. కడ్డీలు సాగాయి, నలిగాయి, చ దిగింది. ముందే ఉన్న ఆ బరువు కూడా చతో పాటు కిందికి వచ్చింది, కాబట్టి అది చేసిన పని ఒకటి ఇంటూ దిగిన దూరం. అదే సమయంలో, దానివల్ల ప్రతి కడ్డీలో ముందే ఉన్న చిన్న బలం కూడా ఆ కడ్డీ పొడవు మారినంత మేర కదిలింది. బయట జరిగిన పని లోపల జరిగిన పనితో సరిపోవాలి. ఒక పక్క మనకు కావలసిన దూరం ఒంటరిగా నిలిచింది, రెండో పక్క పలుకుబడిని పొడవు మార్పుతో గుణించిన ఏడు అంకెల మొత్తం ఉంది. బరువు ఒకటే కావడం వల్ల భాగహారం కూడా మిగల్లేదు.

`δ = Σ n·N·L / (A·E)`

ఇందులో N బిన్ను వల్ల కడ్డీలో పుట్టిన బలం, n ఆ కడ్డీ పలుకుబడి, L పొడవు, A కోత వైశాల్యం, E బిరుసుతనం. కొందరు విద్యార్థులు ఇక్కడ ఒక సగాన్ని తెచ్చి తగిలిస్తారు, శక్తి అనగానే సగం ఉండాలని గుర్తు కాబట్టి. బరువు సున్నా నుంచి మెల్లగా పెరుగుతూ చేసే పనికి ఆ సగం వర్తిస్తుంది. ఇక్కడి బరువు మొదటి నుంచీ నిండుగానే ఉంది, మధ్యలో పెరగలేదు.

లెక్కను వేసేద్దాం. సాగుడుకు, లాగుడుకు కూడిక గుర్తు. కురచదనానికి, నొక్కుడుకు తీసివేత గుర్తు. పొడవు మార్పు, దిగుడు రెండూ మిల్లీమీటర్లలో ఉన్నాయి.

| కడ్డీ | పొడవు మార్పు | పలుకుబడి | చ దిగుడులో వంతు |
|---|---|---|---|
| క-చ | +0.675 | +0.375 | +0.253 |
| చ-ట | +0.225 | +0.375 | +0.084 |
| క-త | −0.938 | −0.625 | +0.586 |
| త-చ | −0.313 | +0.625 | −0.195 |
| చ-ప | +0.313 | +0.625 | +0.195 |
| ప-ట | −0.313 | −0.625 | +0.195 |
| త-ప | −0.450 | −0.750 | +0.338 |

కూడితే 1.46. బిన్ను నిండితే చ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు దిగుతుంది. 12 మీటర్ల ట్రస్సు మీద 8 టన్నులు కూర్చుంటే వచ్చేది ఒక రూపాయి నాణెం మందం. ట్రస్సులు ఎంత బిగువుగా ఉంటాయో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

పట్టికలో నాలుగో వరుస దగ్గర ఆగాలి. త-చ కడ్డీకి తీసివేత గుర్తు వచ్చింది. బిన్ను దాన్ని నొక్కుతోంది, కాబట్టి అది కురచ అవుతోంది. అది చను పై నుంచి పట్టుకున్న చేయి లాంటిది. చేయి కురచైతే చ పైకి వస్తుంది. మిగతా ఆరూ కలిసి చను కిందికి దించుతుంటే ఈ ఒక్కటి పైకి లాగుతోంది. గుర్తులు పట్టించుకోకుండా అన్నిటినీ కూడేస్తే 1.85 వస్తుంది, అసలు జవాబు కంటే పావు వంతుకు పైగా ఎక్కువ. పరీక్ష పేపర్లలో ఈ పొరపాటు సర్వసాధారణం. రెండు జాబితాల్లోనూ లాగుడుకు ఒకటే గుర్తు వాడి, ఆ రెంటినీ గుణించినప్పుడు వచ్చిన గుర్తును వచ్చినట్టే ఉంచాలి. చివరకు మొత్తం కూడికగా వస్తే మనం ఊహించిన బరువు దిక్కులోనే జాయింటు కదిలిందని, తీసివేతగా వస్తే ఎదురు దిక్కులో కదిలిందని అర్థం.

ఈ నాలుగో వరుస ఇంకో వింత కూడా చెబుతుంది. చ దిగుడు తగ్గించాలని మిల్లు యజమాని కడ్డీలను లావు చేయించదలిచాడనుకోండి. క-త పైపు వైశాల్యాన్ని రెట్టింపు చేస్తే దాని వంతు సగమై, మొత్తం 1.46 నుంచి 1.16కు పడిపోతుంది. మంచి బేరమే. అదే డబ్బు త-చ మీద పెడితే? దాని కురచదనం సగమవుతుంది, అది చను పైకి లాగడమూ సగమవుతుంది. దిగుడు 1.55కు పెరుగుతుంది! ఉక్కు కలిపితే జాయింటు ఇంకా కిందికి వచ్చింది. దీనికి ఒక షరతు ఉంది, బరువు త మీద మాత్రమే ఉన్నప్పుడే ఇది నిజం. ప మీద కూడా అంతే బరువు పెడితే త-చలో బలమే సున్నా అవుతుంది, దాన్ని లావు చేసినా సన్నం చేసినా చకు తేడా ఉండదు. ఇవాళ కంప్యూటర్ ప్రోగ్రాములు వందల కడ్డీల దిగుడును రెప్పపాటులో చెప్పేస్తాయి. కానీ ఏ కడ్డీ వల్ల ఎంత దిగిందన్న లెక్క ఇలా వరుసగా విప్పి చూసినప్పుడే కంటికి కనబడుతుంది. చేతిలెక్క ఇంకా బతికి ఉండటానికి ఇదొక కారణం.

ఈ పద్ధతి వెనుక ఉన్నది భౌతికశాస్త్రంలో పెద్దపేరు. విద్యుదయస్కాంత సమీకరణాలతో ప్రపంచానికి తెలిసిన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1864లో లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసర్. విద్యుదయస్కాంత క్షేత్రం మీద తన ప్రసిద్ధ పత్రాన్ని రాయల్ సొసైటీకి సమర్పించింది కూడా ఆ ఏడాదే. అదే ఏడాది ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో చట్రాల సమతౌల్యం, బిగువుల లెక్క గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులో ఈ ఉపాయమంతా ఉంది. బొమ్మలు లేవు, భాష గణితజ్ఞుల భాష. వంతెనలు కట్టేవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. పదేళ్ల తరువాత, 1874లో, జర్మనీలో ఒట్టో మోర్ అదే ఫలితాన్ని తనంతట తాను కనుక్కున్నాడు. ఆయన ప్రొఫెసర్ కాకముందు రైల్వేలో ఇంజనీరుగా పనిచేసినవాడు. వంతెన కట్టేవాడికి ఏ రూపంలో చెబితే పనికొస్తుందో ఆయనకు తెలుసు. అందుకే చాలా పుస్తకాల్లో దీన్ని మాక్స్‌వెల్-మోర్ పద్ధతి అని జంటపేరుతో పిలుస్తారు.

మాక్స్‌వెల్ అదే వ్యాసంలో ఇంకో మాట కూడా చెప్పాడు. త మీద 80 పెడితే చ 1.46 మిల్లీమీటర్లు దిగిందా? అయితే ఆ 80ని తీసి చ దగ్గర వేలాడదీస్తే త కూడా సరిగ్గా 1.46 మిల్లీమీటర్లే దిగుతుంది. పైన ఏ పట్టిక చూసినా ఇలా జరగాలని వెంటనే తోచదు. కానీ సూత్రంలో N, n ఒకదాని చోట ఒకటి మారినా గుణకారం మారదు కదా.

పలుకుబడి అన్న చూపు నుంచి ఒక పెద్ద సౌకర్యం దొరుకుతుంది. కడ్డీ పొడవు ఎందుకు మారిందో ఆ n అడగదు. బరువు వల్ల మారినా, ఎండ వల్ల మారినా, వర్క్‌షాపులో పొరపాటుగా కోసినా దానికి ఒకటే. ఎంత మారిందో చెబితే చాలు. రేకుల కింద ఉన్న పై కడ్డీ త-ప ఒక్కటీ మధ్యాహ్నం ఎండకు మిగతా వాటికంటే 25 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుందాం. ఉక్కు డిగ్రీకి మిలియన్‌లో 12 వంతులు సాగుతుంది. 6 మీటర్ల కడ్డీ 1.8 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. దాని పలుకుబడి నొక్కుడు వైపు 0.75 కాబట్టి చ 1.35 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. 8 టన్నుల ధాన్యం దించినదాన్ని ఎండ దాదాపు మొత్తం వెనక్కి ఎత్తేసింది. అందుకే దిగుడు కొలిచేవాళ్లు తెల్లవారుజామున, ఉక్కంతా ఒకే వేడిలో ఉన్నప్పుడు కొలవడానికి ఇష్టపడతారు.

మొత్తం ట్రస్సు ఒకే మాదిరి వేడెక్కితే? ప్రతి కడ్డీ పలుకుబడినీ దాని పొడవుతో గుణించి కూడి చూడండి. అడుగు కడ్డీల నుంచి కూడిక 4.5, పై కడ్డీ నుంచి తీసివేత 4.5, ఏటవాలు కడ్డీలు నాలుగూ తమలో తాము కొట్టేసుకుంటాయి. మొత్తం సున్నా. ట్రస్సు అంతటా ఒకే నిష్పత్తిలో పెరిగింది, రోలర్ కొంచెం పక్కకు జరిగింది, చ మాత్రం ఆధారాలతో సమానమైన మట్టంలోనే ఉండిపోయింది. పలుకుబళ్లు సరిగ్గా వేశారో లేదో చూసుకోవడానికి ఈ ట్రస్సుకు ఇంతకంటే సులువైన తనిఖీ లేదు. ఇక్కడ సున్నా రాకపోతే ఎక్కడో ఒక గుర్తు తప్పిందన్నమాట.

దీన్నే తిరగేసి ఉక్కు వంతెనల వాళ్లు ఉద్దేశపూర్వకంగా వాడుకుంటారు. మన షెడ్డులో త-ప కడ్డీని గీతలో ఉన్నదానికంటే 2 మిల్లీమీటర్లు పొడుగ్గా కోయిస్తే చ 1.5 మిల్లీమీటర్లు పైకి వంగి పుడుతుంది. బిన్ను నిండాక సరిగ్గా మట్టానికి వస్తుంది. దీనికి క్యాంబర్ అని పేరు. పెద్ద రైల్వే ట్రస్సుల్లో కడ్డీల పొడవులను ఇలా ముందే కొద్ది కొద్దిగా సవరించి, ఖాళీ వంతెన నడుము కాస్త పైకి వంగి ఉండేలా బిగిస్తారు. రైలెక్కినప్పుడు అది నిటారు గీతకు దగ్గరవుతుంది.

ఈ పద్ధతికి కొన్ని హద్దులు ఉన్నాయి, అవి తెలియకుండా వాడితే అంకె మోసం చేస్తుంది. దిగుడు ట్రస్సు ఎత్తుతో పోలిస్తే చాలా చిన్నదని, దిగాక కూడా కోణాలు మారలేదని ఈ లెక్క నమ్ముతుంది. ఉక్కు సాగి మళ్లీ వెనక్కి వచ్చే పరిధిలోనే ఉందనీ నమ్ముతుంది. నొక్కుడులో ఉన్న సన్నటి కడ్డీ ఉన్నట్టుండి పక్కకు విల్లులా వంగిపోతుందా అన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. క-త 5 మీటర్ల పొడవు, 75 కిలోన్యూటన్ల నొక్కుడు. అది నిలుస్తుందో లేదో వేరే లెక్కతో చూసుకోవాలి. మన ట్రస్సులో బలాలన్నీ సమతౌల్యం ఒక్కదానితోనే తేలాయి. నాలుగు వైపుల గడిలో మూల నుంచి మూలకు ఎక్స్ మార్కులా రెండు కడ్డీలు వేసిన ట్రస్సుల్లో అలా తేలవు. అప్పుడు అదనపు కడ్డీని కోసేసినట్టు ఊహించి, ఆ కోత దగ్గర మళ్లీ ఒకటి అనే బరువు పెట్టి అడగాలి. పద్ధతి అదే, పని మాత్రం పెరుగుతుంది.

జాయింట్ల దగ్గర కీళ్లు ఉన్నట్టు ఊహించడం మీద కూడా చాలామందికి అనుమానం ఉంటుంది. నిజంగా అక్కడ ఉండేది గస్సెట్ ప్లేటు, దానికి గట్టిగా బిగించిన బోల్టులో, వెల్డింగో. ఆ బిగింపు వల్ల కడ్డీల్లో కొంచెం వంపు పుడుతుంది, కానీ సన్నటి పొడుగు కడ్డీల ట్రస్సులో మొత్తం దిగుడు దానివల్ల పెద్దగా మారదు. లెక్కను నిజంగా తలకిందులు చేసేది ఆ బోల్టులే.

20 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 22 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తారు, లేకపోతే బిగించేటప్పుడు రంధ్రాలు కలవవు. ఘర్షణతో పట్టి ఉంచేలా బిగించిన బోల్టులు కాకపోతే, మొదటిసారి బరువు పడగానే కడ్డీ ఆ ఖాళీలో జారి బోల్టు పక్కకు ఆనుకుంటుంది. మన ట్రస్సులో ఒక్కో కడ్డీ, రెండు కొసలూ కలిపి, తనలోని బలం తోసిన దిక్కులో 1 మిల్లీమీటరు చొప్పున జారిందనుకుందాం. మళ్లీ పలుకుబళ్లను కూడితే చ 2.75 మిల్లీమీటర్లు దిగుతుంది. ఉక్కు సాగడం వల్ల వచ్చిన 1.46 కంటే ఇది దాదాపు రెట్టింపు. కాగితం మీద ఒకటిన్నర అన్నది షెడ్డులో నాలుగు మిల్లీమీటర్లు దాటి కనిపిస్తుంది. ఇంజనీరు లెక్క తప్పని మిల్లు యజమాని అనుకుంటాడు. ఇంజనీరేమో ఉక్కు నాసిరకమని అనుమానిస్తాడు. ఉక్కు ఏ రకమైనా దాని బిరుసుతనం దాదాపు ఒక్కటే కాబట్టి, ఆ అనుమానానికి ఆధారం తక్కువ.

ఏది నిజమో తేల్చడానికి ఖర్చేమీ లేదు. చ కింద ఒక డయల్ గేజ్ నిలబెట్టి, తెల్లవారుజామున బిన్ను నింపి ముల్లు ఎక్కడ ఉందో రాసుకోవాలి, తరువాత బిన్ను ఖాళీ చేసి మళ్లీ రాసుకోవాలి. బోల్టులు జారి ఉంటే జారినంత మేర ముల్లు వెనక్కి రాదు, ఉక్కు సాగినంత మేరే వస్తుంది. ఆ తరువాత రెండోసారి బిన్ను నింపి చూడాలి. ఈసారి వచ్చే దిగుడు ఒకటిన్నర మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటే ట్రస్సు, లెక్క రెండూ బాగానే ఉన్నట్టు. రెండోసారి కూడా నాలుగే వస్తే మాత్రం బిన్ను ఖాళీ చేయించి, క-త కడ్డీ రెండు కొసల దగ్గరి బోల్టులతో తనిఖీ మొదలుపెట్టాలి. పట్టికలో పెద్ద వంతు దానిదే.